కొత్తగా క్లబ్బులో చేరారా? బ్యాట్ కంటే ముందు కాక్ సంగతి తేల్చుకోండి

మా ఇండోర్ షటిల్ కోర్టులో సాయంత్రం బ్యాచ్‌కి కొత్తగా ఎవరు వచ్చినా మొదటి వారంలోనే అడిగే ప్రశ్న ఒకటుంది: "ఏ బ్యాట్ కొనమంటారు?" నేను వెంటనే చెప్పను. తిరిగి ఒకటి అడుగుతాను: "మీరు ఏ బ్యాచ్‌లో ఆడతారు? వాళ్లు ఫెదర్ కాక్‌తో ఆడతారా, ప్లాస్టిక్‌తోనా?" చాలామంది దాని గురించి ఆలోచించి కూడా ఉండరు. బ్యాట్ ఒకసారి కొంటాం, కాక్‌లు ప్రతి వారం కొంటాం. పైగా చేతికి టైమింగ్ నేర్పేది బ్యాట్ కాదు, కాకే.

పోయినేడు వేసవిలో మా బావమరిది విషయంలో జరిగింది చెబితే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. హైదరాబాద్‌లో ఉంటాడు, వయసు ముప్ఫై ఎనిమిది, రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. కాలేజీ రోజుల్లో వీధిలో నెట్ కట్టి, స్తంభానికి బల్బు తగిలించి ఆడిన షటిలే అతని అనుభవం. ఇంటి దగ్గర క్లబ్బులో చేరిన రెండో రోజే, అక్కడ అందరికంటే బాగా ఆడే కుర్రాడి చేతిలో ఉన్న బ్యాట్ చూసి అలాంటిదే కొనేశాడు. 3యు బరువు, తల వైపు బరువు ఎక్కువ, షాఫ్ట్ అసలు వంగదు, గట్టింగ్, అంటే తల మీది తీగల బిగువు, 28 పౌండ్లు. ఆరు వేలు పైనే అయింది. మూడు వారాలకి ఫోన్ చేశాడు. "బావా, వెనక గీత దగ్గర నుంచి ఎంత గట్టిగా కొట్టినా కాక్ నెట్ దాటి కొంచెం దూరం పోయి పడిపోతోంది. మోచెయ్యి ఒకటే నొప్పి. నాకు డూప్లికేట్ అంటగట్టారంటావా?"

డూప్లికేట్ కాదు. బ్యాట్ చాలా మంచిదే. అతనికి మాత్రం పనికిరాదు. ఎందుకో చెప్పే ముందు కాక్‌ల దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే అతను కూడా అక్కడే మొదలుపెట్టి ఉండాల్సింది.

ఫెదరా, ప్లాస్టికా

ఫెదర్ కాక్‌లో 16 ఈకలుంటాయి. నిబంధనల ప్రకారం మొత్తం బరువు 4.74 నుంచి 5.50 గ్రాముల మధ్య ఉండాలి. ఈకలన్నీ పక్షి రెక్కల్లో ఒకే వైపువి తీసుకుంటారు కాబట్టి అన్నీ ఒకే తీరున వంపు తిరిగి ఉంటాయి. అందుకే కాక్ గాలిలో ఒకే దిశలో గిర్రున తిరుగుతూ నిలకడగా పోతుంది. బ్యాట్ తగలగానే బాణంలా బయల్దేరుతుంది, కానీ గాలి దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. కోర్టు చివరికి చేరేసరికి వేగమంతా చచ్చిపోయి దాదాపు నిట్టనిలువుగా కిందికి రాలుతుంది.

ప్లాస్టిక్ కాక్, అంటే నైలాన్ది, అలా రాలదు. చివర్లో కూడా ఇంకొంచెం ముందుకు జారుతూ వంపుగా దిగుతుంది. గట్టిగా స్మాష్ కొడితే దాని గౌను నొక్కుకుపోయి, మళ్లీ విచ్చుకోవడానికి కాస్త టైమ్ తీసుకుంటుంది. చూడ్డానికి ఇది చిన్న తేడా. కానీ ఆరు నెలలు ప్లాస్టిక్‌తోనే ఆడినవాడు ఫెదర్ బ్యాచ్‌లోకి వస్తే ఏమవుతుందో చూడండి. కాక్ ఇంకా వెనక్కి వస్తుందనుకుని చెయ్యి ఆపుకుంటాడు. అది ఈలోపే తల ముందు పడిపోతుంది. కంగారుగా కింద నుంచి కొడతాడు, ఫ్రేమ్ తగులుతుంది, రెండు ఈకలు విరుగుతాయి, పక్కవాళ్లు మొహం మాడ్చుకుంటారు.

అలాగని మొదటి రోజు నుంచే కొత్త ఫెదర్ కాక్‌లతో ఆడమని కూడా చెప్పను. నేర్చుకునేవాడి దెబ్బలు ఎక్కువగా ఫ్రేమ్‌కో, ఈకల మీదో తగులుతాయి. కొత్త కాక్ పది నిమిషాల్లో బొచ్చు రాలిన కోడిలా తయారవుతుంది. నా దృష్టిలో మధ్యేమార్గం ఒకటుంది, అది డబ్బు పెట్టి కొనేది కూడా కాదు. ప్రతి క్లబ్బులో కోర్టు మూలన ఒక అట్టపెట్టెలో సీనియర్లు ఆడి పడేసిన కాక్‌లు ఉంటాయి. ఒకటి రెండు ఈకల కొసలు విరిగి ఉంటాయంతే. వాటిలోంచి ఇరవై ఏరుకుని సర్వీసు, నెట్ దగ్గర ఆట, డ్రాప్ ప్రాక్టీస్ చెయ్యండి. ఫెదర్ ఎలా రాలుతుందో కంటికి అలవాటవుతుంది, ఖర్చూ ఉండదు. వెనక గీత నుంచి క్లియర్లు, అంటే ఎత్తుగా అవతలి వెనక గీత దాకా పోయే దెబ్బలు, కొట్టడానికి మాత్రం అవి పనికిరావు, ఊగిపోతాయి. ఆ దెబ్బ సరిగ్గా తగలడం మొదలయ్యేదాకా, అంటే మొదటి నెల, నెలన్నర, క్లియర్ల వరకు ప్లాస్టిక్ వాడుకోవచ్చు.

ఇక ఫెదర్‌లో రెండు రకాలు: బాతు ఈక, గూస్ ఈక. గూస్ అంటే పెద్దబాతు. దాని ఈక కాడ లావుగా, గట్టిగా ఉంటుంది, అందుకే ఎక్కువసేపు నిలుస్తుంది. బాతు ఈక సన్నం, త్వరగా పెళుసెక్కి విరుగుతుంది. డబ్బా ధర చూస్తే బాతు చవక. కానీ చూడాల్సింది డబ్బా ధర కాదు, సాయంత్రానికి ఎంత పడిందన్నది.

మా బ్యాచ్ లెక్క చెబుతాను. ఆరుగురం, రెండు గంటలు, డబుల్స్. మేం వాడిన బాతు ఈక కాక్‌లు 12 ఉన్న డబ్బా 1,400 రూపాయలు, అంటే ఒక్కోటి దాదాపు 117. సాయంత్రానికి నాలుగు అయ్యేవి. తలా 78 రూపాయలు. తర్వాత గూస్‌కి మారాం. డబ్బా 2,100, ఒక్కోటి 175. రెండు సాయంత్రాలకి కలిపి ఐదు సరిపోతున్నాయి. తలా 73. ఖరీదైన కాకే ఐదు రూపాయలు తక్కువ పడింది, ఆట మధ్యలో కాక్ మార్చే గొడవా తగ్గింది. కానీ ఈ లెక్క సరిగ్గా కొట్టడం వచ్చిన ఆరుగురిది. ఫ్రేమ్‌తో కొట్టేవాడి చేతిలో గూస్ అయినా బాతు అయినా ఒకటే, రెండూ విరుగుతాయి. కాబట్టి బ్యాచ్‌లో సగం మంది కొత్తవాళ్లయితే బాతు ఈకే కొనండి. ఇక ప్లాస్టిక్ అయితే ఆరు ఉన్న డబ్బా మాకు 960 పడింది, ఒక్కోటి మూడు సాయంత్రాలు వచ్చింది, తలా తొమ్మిది రూపాయలు. నెలకు ఇరవై రోజులు ఆడితే ప్లాస్టిక్‌కి తలా 180, ఫెదర్‌కి పదిహేను వందల దాకా. బావమరిది ఈ లెక్క ముందే వేసుకుని ఉంటే ఆరు వేలు బ్యాట్ మీద పెట్టేవాడు కాదు.

డబ్బా కొనేటప్పుడు మూత తీసి రెండు మూడు కాక్‌లు చూడనివ్వమని అడగండి. ఈక కాడలు అన్నీ నిటారుగా, ఒకే వాలులో ఉండాలి. ఒకటి లోపలికి, ఒకటి బయటికి వంగి ఉంటే ఆ కాక్ గాలిలో వణుకుతుంది. కాడల్ని కలిపి కట్టిన దారం మీద జిగురు చుట్టూ సమానంగా ఉండాలి. కింద బెండు బొటనవేలితో నొక్కితే కొంచెం లొంగి తిరిగి రావాలి. చవక రకాల్లో పొడిని అదిమి చేసిన బెండు ఉంటుంది. నాలుగు గేములకే అది మెత్తబడి, కొట్టినప్పుడు టప్‌మని బోలు శబ్దం వస్తుంది.

డబ్బా మీద 76, 77 అంటే ఏమిటి

ఇది మన ఎండలకి ముఖ్యమైన విషయం, దుకాణంలో ఎవరూ చెప్పరు. కాక్ డబ్బా మూత మీద 75 నుంచి 79 వరకు ఏదో ఒక అంకె ఉంటుంది. అది గ్రెయిన్లనే కొలతలో కాక్ బరువు. అంకె పెరిగేకొద్దీ కాక్ ఎక్కువ దూరం పోతుంది. కొన్ని కంపెనీలు 1 నుంచి 5 అని వేస్తాయి. 1 అంటే 75, 3 అంటే 77, అలా. ప్లాస్టిక్ కాక్‌లకైతే బెండు చుట్టూ ఉన్న పట్టీ రంగు చూడాలి: ఆకుపచ్చ నెమ్మది, నీలం మధ్యస్తం, ఎరుపు వేగం.

వేడి గాలి పలచగా ఉంటుంది కాబట్టి కాక్‌ని తక్కువ ఆపుతుంది. అందుకని ఎండాకాలం నెమ్మది కాక్, చలికాలం వేగం కాక్ వాడాలి. రేకుల కప్పు కింద బెజవాడ మే నెల సాయంత్రం 77 తో ఆడితే మామూలు క్లియర్ కూడా గీత బయట పడుతుంది. కొత్తవాడు అది తన తప్పనుకుని చెయ్యి బిగపట్టి కొట్టడం మొదలుపెడతాడు. అక్కడ 75 గానీ 76 గానీ కావాలి. ఎత్తు కూడా ఇదే పని చేస్తుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి, అంతే వేడి ఉన్న రోజున విశాఖలో సరిపోయిన కాక్ ఇక్కడ కొంచెం ఎక్కువ పోతుంది. అమెరికాలో ఉన్న పిల్లల కోసం ఇక్కడి నుంచి డబ్బాలు మోసుకెళ్లే తల్లిదండ్రులకి కూడా ఇది చెబుతుంటాను. మన వేసవికని కొన్న 75, అక్కడ ఏసీ హాల్లో 20 డిగ్రీల దగ్గర ముందే కూలబడుతుంది.

సరైన అంకె తెలుసుకోవడానికి పరీక్ష ఉంది. ఒక చివర వెనక గీత మీద నిలబడి, కింద నుంచి పైకి, పక్క గీతకి సమాంతరంగా, పూర్తి బలంతో కొట్టాలి. అవతలి వెనక గీతకి 53 సెంటీమీటర్లు తగ్గకుండా, 99 దాటకుండా ఇవతల పడితే కాక్ సరైనది. టేపు అక్కర్లేదు. డబుల్స్ సర్వీసు గీత వెనక గీతకి సరిగ్గా 76 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. ఆ గీతకి జానెడు అటూ ఇటూ పడితే చాలు. ఈ దెబ్బ మాత్రం కోచ్ చేతో, సీనియర్ చేతో కొట్టించండి. కొత్తవాడి పూర్తి బలం రోజుకో రకంగా ఉంటుంది.

ఒక చిన్న ముచ్చట. హైదరాబాద్ ఎండాకాలంలో గాలి పొడిగా ఉండి ఈకలు అప్పడాల్లా విరుగుతాయి. మేం ముందు రోజు రాత్రే డబ్బా మూత తీసి, ఈకల వైపు పది పదిహేను సెకన్లు ఆవిరి తగిలేలా గిన్నె మీద పట్టుకుని, మూత పెట్టి నిలబెట్టి ఉంచుతాం. బెండు తడవకూడదు. కాకినాడ, విశాఖ వైపు గాలిలో తేమ ఎలాగూ ఉంటుంది కాబట్టి వాళ్లకి ఈ పని తప్పుతుంది.

బ్యాట్: బరువు ఒక్కటే చూస్తే మోసపోతారు

బ్యాట్ పిడి మీద, లేదా షాఫ్ట్ మొదట్లో, 3యు, 4యు, 5యు అని రాసి ఉంటుంది. అంకె పెరిగితే బరువు తగ్గుతుంది, ఇది తిరకాసు. యోనెక్స్ లెక్కలో 3యు అంటే 85 నుంచి 89 గ్రాములు, 4యు అంటే 80 నుంచి 84, 5యు అంటే 75 నుంచి 79. కొన్ని కంపెనీలు గుర్తులు వేరేగా పెడతాయి, కాబట్టి గ్రాములు ఎంతో అడగండి. ఐదు గ్రాముల తేడా ఒక లెక్కా అనిపిస్తుంది. కానీ ఆ ఐదు గ్రాములు బ్యాట్‌లో ఎక్కడ ఉన్నాయన్నదే అసలు విషయం.

దీన్నే బ్యాలెన్స్ అంటారు. బ్యాట్‌ని చూపుడు వేలి మీద అడ్డంగా పెట్టి, ఎటూ వాలకుండా నిలిచే చోటు వెతకండి. పిడి చివర నుంచి అక్కడికి ఎన్ని మిల్లీమీటర్లో స్కేలుతో కొలవండి. సుమారు 285 నుంచి 295 మధ్య వస్తే సమతూకం. అంతకంటే ఎక్కువైతే తల బరువు, తక్కువైతే తల తేలిక. యోనెక్స్‌లో చూస్తే ఆస్ట్రాక్స్ పేరున్నవి తల బరువువి, నానోఫ్లేర్ తల తేలికవి, ఆర్క్‌సేబర్ సమతూకం.

ఇక్కడ ఒక చిక్కుంది. కంపెనీ చెప్పే అంకె చాలాసార్లు గట్స్ లేని ఖాళీ బ్యాట్‌ది. గట్స్ బరువు నాలుగైదు గ్రాములే అయినా అదంతా తల వైపే చేరుతుంది కాబట్టి బ్యాలెన్స్ సెంటీమీటరు పైన ముందుకు జరుగుతుంది. పిడి మీద ఓవర్‌గ్రిప్ చుడితే సుమారు ఐదు గ్రాములు, అది వెనక చేరుతుంది. గట్స్ వేసి 92 గ్రాములున్న బ్యాట్, బ్యాలెన్స్ 295 అనుకోండి. పిడి మధ్యలో, అంటే చివర నుంచి 90 మిల్లీమీటర్ల దగ్గర, ఐదు గ్రాములు చేరితే బ్యాలెన్స్ 284 కి వస్తుంది. యాభై అరవై రూపాయల గ్రిప్ తల బరువు వైపున్న బ్యాట్‌ని తల తేలిక వైపు తెచ్చేసిందన్నమాట. అందుకే ఇంటర్‌నెట్‌లో రెండు బ్యాట్‌ల బ్యాలెన్స్ అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చడం కంటే, గట్స్ వేసి, గ్రిప్ చుట్టిన బ్యాట్ వేలి మీద పెట్టి చూడటం మేలు.

మరి కొత్తవాడికి ఏది? తల బరువు ఉన్న బ్యాట్ వెనక నుంచి కొట్టేటప్పుడు సాయం చేస్తుందని కొందరు చెబుతారు. అది అబద్ధం కాదు, సుత్తి తల బరువుంటే మేకు దిగినట్టే. కానీ సుత్తి ఊపడానికి మనకి కావలసినంత టైమ్ ఉంటుంది. డబుల్స్‌లో అవతలివాడు మీ నడుము మీదికి స్మాష్ కొడితే బ్యాట్ కింద నుంచి ఛాతీ ముందుకి రావడానికి రెప్పపాటే ఉంటుంది. తల బరువుది అక్కడ ఆలస్యమవుతుంది. క్లబ్బుల్లో కొత్తవాళ్లు ఆడేది దాదాపు అంతా డబుల్సే. తల తేలికది ఆ రక్షణకి బాగుంటుంది కానీ, చేతి వేగం లేనివాడి క్లియర్ వెనక గీత దాకా పోదు. అందుకే నేను సమతూకం, 4యు అంటాను. సన్నగా ఉన్నవాళ్లకి, పన్నెండు పదమూడేళ్ల పిల్లలకి, భుజానికి ఇదివరకే దెబ్బ తగిలినవాళ్లకి 5యు. ఆ 5యు కొంచెం తల బరువైనా ఫర్వాలేదు, ఎందుకంటే మొత్తం బరువు తక్కువ కాబట్టి ఊపేటప్పుడు చేతికి ఇంచుమించు సమతూకం 4యు లాగే అనిపిస్తుంది.

తేలికైతే ఎంత తేలికైనా మంచిదే కదా అని 70 గ్రాముల లోపు బ్యాట్‌లు తెచ్చేవాళ్లూ ఉన్నారు. ఊపడం తేలికే. కానీ స్మాష్‌ని అడ్డుకున్నప్పుడు బ్యాటే వెనక్కి తోసుకుపోతుంది. పైగా తల ఎక్కడుందో చేతికి తెలియదు కాబట్టి కొత్తవాడు మణికట్టు, ముంజేయి తిప్పడం నేర్చుకోకుండా భుజంతో తోస్తాడు. ఊళ్లలో బాల్ బ్యాడ్మింటన్ ఆడి వచ్చినవాళ్లకి దీనికి ఎదురు సమస్య. ఆ బరువైన బ్యాట్, ఉన్ని బంతి అలవాటు వల్ల వాళ్లు చెయ్యంతా కలిపి ఊపుతారు. వాళ్లకి బ్యాట్ మార్పు కంటే చేతి అలవాటు మార్పు ముఖ్యం.

షాఫ్ట్ సంగతి క్లుప్తంగా: వంగేది లేదా మధ్యస్తం తీసుకోండి. గట్టి షాఫ్ట్‌ని వంచాలంటే చేతి వేగం కావాలి. అది లేనప్పుడు కర్రతో కొట్టినట్టే ఉంటుంది. ఒళ్లంతా గ్రాఫైట్ ఉన్న బ్యాట్ మాత్రమే కొనండి. ఫ్రేమ్, షాఫ్ట్ కలిసేచోట అతుకు కనిపించే ఇనుప బ్యాట్‌లు పిల్లలు మేడ మీద ఆడుకోవడానికే. పిడి మందం మన దగ్గర ఎక్కువగా జి5 దొరుకుతుంది. ఇది సన్నం, పైన ఒక ఓవర్‌గ్రిప్ చుట్టుకుంటే మగవాళ్ల చేతికి సరిపోతుంది.

గట్టింగ్: 28 పౌండ్ల జబ్బు

బావమరిది కష్టాల్లో సగం ఇక్కడే ఉంది. గట్స్ ఎంత బిగిస్తే దెబ్బ అంత గట్టిగా పోతుందని అందరి నమ్మకం. నిజం దీనికి తిరగబడి ఉంటుంది. వదులుగా ఉన్న గట్స్ కాక్ తగిలినప్పుడు కొంచెం లోపలికి వంగి, తిరిగి విసురుతాయి, నులక మంచం మీద పిల్లాడు గెంతినట్టు. బిగించినవి వంగవు కాబట్టి కాక్‌ని విసిరే పనంతా మీ చెయ్యే చెయ్యాలి. చేతి వేగం ఉన్నవాడికి అదే కావాలి, ఎందుకంటే కాక్ ఎక్కడికి పంపాలనుకుంటే అక్కడికి పోతుంది. వేగం లేనివాడికి దెబ్బ చచ్చుగా ఉంటుంది. దానికి తోడు, బిగువు పెరిగేకొద్దీ బ్యాట్ మధ్యలో బాగా తగిలే చోటు చిన్నదవుతుంది. ఆ చోటికి రెండు వేళ్లు పక్కన తగిలినా అదురు మొత్తం మోచేతికి ఎక్కుతుంది. అతని నొప్పికి కారణం అదే.

కొత్తవాడికి 20 నుంచి 23 పౌండ్లు. నేనైతే 22 వేయించమంటాను. కొత్త గట్స్ మొదటి కొన్ని రోజుల్లోనే కొంత వదులవుతాయి, కాబట్టి 22 వేయిస్తే ఆడేది ఇంకా తక్కువకే. ఏడాది ఆడాక, క్లియర్ వెనక గీత దాకా తేలికగా పోతున్నా మీరు అనుకున్న చోట పడటం లేదనిపిస్తే, అప్పుడు ఒకటి రెండు పౌండ్లు పెంచుకోవచ్చు. దూరం పోవడం లేదని పెంచితే మాత్రం ఇంకా తగ్గుతుంది.

గట్స్ మందం కూడా చెప్పి వేయించండి. 0.70 మిల్లీమీటర్లది లావు, ఎక్కువ రోజులు వస్తుంది. యోనెక్స్ బీజీ 65 ఈ మందమే, దాదాపు ప్రతి దుకాణంలో దొరుకుతుంది. 0.65 వి, బీజీ 66 అల్టిమాక్స్ లాంటివి, టంగుమని మోగుతూ దెబ్బ బాగా పోతుంది కానీ ఫ్రేమ్ దగ్గర తప్పుగా తగిలితే పుటుక్కున తెగుతాయి. కొత్తవాడికి తప్పుగా తగలడమే ఎక్కువ కదా. కంపెనీ వేసి పంపిన గట్స్ ఉన్న బ్యాట్ అయితే వెంటనే మార్చాల్సిన పని లేదు. ప్లాస్టిక్ కాక్‌తో ఆడే మొదటి నెలకి అవి చాలు.

ఫ్రేమ్ మీద ఎన్ని పౌండ్ల వరకు బిగించవచ్చో రాసి ఉంటుంది. "30 పౌండ్ల దాకా తట్టుకుంటుంది" అని దుకాణంలో గొప్పగా చెబుతారు. అది ఫ్రేమ్ బలం, మీ చేతికి సలహా కాదు. ఇంకొకటి, ఒక గట్ తెగితే ఆ సాయంత్రమే మిగతావి కూడా కత్తెరతో మధ్యలోంచి మొదలుపెట్టి చుట్టూ కోసెయ్యాలి. ఒకవైపు బిగువు, ఒకవైపు వదులుగా వారం రోజులు సంచిలో ఉంటే ఫ్రేమ్ వంకర పోతుంది. మన ఎండలో కారు డిక్కీలో బ్యాట్ వదిలేసినా గట్స్ సాగిపోతాయి.

బావమరిది బ్యాట్ ఏమైంది

ఫోన్ చేసిన ఆదివారం అతని కోర్టుకే వెళ్లాను. ముందు నా పాత బ్యాట్ చేతికిచ్చాను: 4యు, సమతూకం, మధ్యస్త షాఫ్ట్, 22 పౌండ్లు. వెనక గీత దగ్గర నిలబెట్టి పది క్లియర్లు కొట్టించాను. అతని బ్యాట్‌తో పదిలో ఒక్కటి కూడా డబుల్స్ సర్వీసు గీత చేరలేదు. నా బ్యాట్‌తో నాలుగు చేరాయి, మిగతావి మూడు నాలుగు అడుగులు తక్కువ పడ్డాయి. మనిషి అదే, కాక్ అదే, రోజు కూడా అదే.

తర్వాత వాళ్ల బ్యాచ్ డబ్బా చూశాను. మే నెల, 77 అంకె. సీనియర్లేమో కొసలు కొంచెం బయటికి మడిచి నెమ్మది చేసుకుని ఆడుతున్నారు. టోర్నమెంట్లో ఆ మడత ఒప్పుకోరు, క్లబ్బులో ఎవరూ పట్టించుకోరు. కానీ మడిచిన కాక్ కొంచెం వణుకుతుంది, ఈకలు త్వరగా పోతాయి. తర్వాతి డబ్బా 76 తెప్పించమని చెప్పి వచ్చాను.

కొత్త బ్యాట్ కొందామన్నాడు. వద్దన్నాను. ముందు అదే బ్యాట్‌కి గట్స్ మార్పించాం: 0.70, 22 పౌండ్లు, గట్స్, కూలి కలిపి 550 రూపాయలు. పిడి మీద ఒక ఓవర్‌గ్రిప్ చుట్టాం. బ్యాలెన్స్ కొలిస్తే సెంటీమీటరు వెనక్కి వచ్చింది. మోచేతికి రెండు వారాలు విశ్రాంతి ఇచ్చి మళ్లీ మొదలుపెట్టాడు. క్లియర్లు బాగుపడ్డాయి, నొప్పి తిరిగి రాలేదు. కానీ డబుల్స్‌లో స్మాష్‌ని అడ్డుకోవడం మాత్రం ఆలస్యంగానే ఉంది. షాఫ్ట్ గట్టిదనం, తల బరువు గ్రిప్‌తో పోయేవి కావు. రెండు నెలలు చూసి, చివరికి 2,200 రూపాయల్లో ఒక 4యు సమతూకం బ్యాట్ కొన్నాడు. పాతది సంచిలో రెండోదిగా ఉంది, గట్ తెగిన రోజున బయటికి వస్తుంది.